అరవై వేలు కాదమ్మా, ముందు 5వ తేదీ దాటనివ్వండి

ప్రశ్న: మా పై పోర్షన్ మూడేళ్లుగా ఒకాయనకు అద్దెకు ఇచ్చాం. అద్దె నెలకు 12,000. ఏ నెలది ఆ నెల 5వ తేదీలోపు ఇవ్వాలని అగ్రిమెంట్. 36,000 అడ్వాన్సు ఉంది. కిందటి నవంబరు నుంచి సరిగ్గా ఇవ్వడం లేదు. డిసెంబరులో 7,000 చేతికిచ్చాడు. ఫిబ్రవరిలో 10,000 బ్యాంకులో వేశాడు. మార్చిలో మళ్లీ 5,000 చేతికిచ్చాడు. చేతికిచ్చిన వాటికి రశీదు ఇవ్వలేదు. మిగతాది అడిగితే 'అడ్వాన్సులో పట్టుకోండి' అంటున్నాడు. మా అబ్బాయి ఏప్రిల్ 2 తేదీ వేసి, తనే సంతకం పెట్టి ఒక ఉత్తరం తయారుచేశాడు: 'మొత్తం బాకీ 60,000, వారంలో కట్టకపోతే సామాన్లు బయట పెట్టిస్తాం' అని. ఇది పంపొచ్చా? లెక్క ఎలా చూపాలి? గడువు ఎన్ని రోజులివ్వాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆ ఉత్తరం పంపకండి. మీ అబ్బాయి కోపం న్యాయమైనదే. కానీ ఈ కాగితం ఈ రూపంలో వెళితే, రేపు దాన్ని భద్రంగా దాచుకునేది మీరు కాదు, ఆయన. అందులో నాలుగు చిక్కులున్నాయి. పెద్దది 60,000 అన్న అంకె కాబట్టి దాని దగ్గరే మొదలుపెడదాం.

అంత ఎలా వచ్చిందో ఉత్తరం నకలు వెనక పెన్సిలుతో వేసిన లెక్క చూస్తే తెలిసింది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆరు నెలలకు 72,000. ఆయన ఇచ్చినవి మూడు విడతలు కలిపి 22,000. తీసేస్తే 50,000. దానికి 'ఆలస్యానికి ఫైన్' అని 6,000, 'మోటారు కరెంటు' అని 4,000 కలిపి అరవై చేశాడు. కూడికలో తప్పు లేదు. తప్పు కూడిన వాటిలో ఉంది.

ఫైన్ సంగతి చూడండి. మీరు పంపిన అగ్రిమెంట్ నకలులో ఆలస్య రుసుము గురించి ఒక్క మాట లేదు. ఒప్పుకోని జరిమానా ఇప్పుడు కొత్తగా పుట్టదు. తీసేయండి. మోటారు కరెంటులో సగం ఆయనే ఇవ్వాలని అగ్రిమెంట్‌లో ఉంది కాబట్టి ఆ 4,000 అడగొచ్చు. కానీ అది అద్దె కాదు. బిల్లుల తేదీలతో, నకళ్లతో వేరే కాగితం మీద అడగండి. అద్దె బాకీలో కలిపేస్తే ఆయన బిల్లు మీద గొడవ లేవదీసి, 'లెక్క తేలలేదు కాబట్టి ఏదీ కట్టను' అని కూర్చుంటాడు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి నోటీసులు రాశాను. అద్దె కట్టని మనిషికి కావలసింది వాదించడానికి ఒక్క అంకె, అంతే. నాలుగు వేల కోసం యాభై వేలకు ఆ సందు ఇవ్వకండి.

ఇక ఏప్రిల్. ఉత్తరం మీద తేదీ 2. ఏప్రిల్ అద్దె కట్టడానికి ఆయనకు 5 వరకు టైముంది. అంటే 2వ తేదీన ఏప్రిల్ అద్దె బాకీయే కాదు. ఇంకా చెల్లించాల్సిన రోజు రాని డబ్బును బాకీ అని రాస్తే, చదివిన ఏ ప్లీడరైనా ముందు అక్కడే వేలు పెడతాడు. 2వ తేదీకి మీకు నిజంగా రావలసింది 38,000. ఇప్పుడే పంపాలనుకుంటే ఆ మొత్తమే రాయాలి. నా సలహా, నాలుగు రోజులు ఆగండి. 5 దాటనివ్వండి. 7వ తేదీ ఉదయం బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోండి. ఏమీ పడకపోతే అప్పుడు 50,000 అని ధైర్యంగా రాయొచ్చు. ఖాతా చూడకుండా మాత్రం పంపకండి. ముందు రోజు రాత్రి ఆయన ఐదు వేలు వేసి ఉంటే మీ నోటీసులో మొదటి వాక్యమే అబద్ధమవుతుంది. నాకు ఒకసారి అలాగే జరిగింది. క్లయింటు చెప్పిన అంకె నమ్మి పంపాను. అవతలివాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి తిప్పికొట్టారు. మళ్లీ కొత్త నోటీసు, కొత్త గడువు. నెలన్నర పోయింది.

ఇప్పుడు అసలు పని. మొత్తం 50,000 అని తేలినంత మాత్రాన సరిపోదు, ఏ నెలకు ఎంత అన్నది చూపాలి. ఆయన ఇచ్చిన మూడు విడతలూ పూర్తి నెల అద్దె కాదు. వాటిని ఏ నెలల్లో జమ వేయాలి? మీ అబ్బాయి ఈ ప్రశ్నే వేసుకోలేదు. చాలామంది వేసుకోరు.

దీనికి చాలా దేశాల చట్టాల్లో దాదాపు ఒకే వరస నడుస్తుంది. డబ్బు ఇచ్చేవాడు 'ఇది ఫలానా నెలది' అని చెప్పి ఇస్తే, మీరు ఆ మాట మీద తీసుకుంటే, ఆ నెలకే జమ వేయాలి. ఆయనేమీ చెప్పకపోతే దేనికి జమ వేసుకోవాలన్నది మామూలుగా మీ ఇష్టం. ఎవరూ ఏమీ చెప్పకపోతే అన్నిటికంటే పాత బాకీకి పోతుంది. చెప్పనప్పుడు పాతదానికే వేయడం మీకూ మంచిది. ఎందుకంటే బాకీ వసూలుకు దావా వేయడానికి చట్టం ఒక కాలపరిమితి పెడుతుంది, ముందు మురిగిపోయేది పాత బాకీయే.

మీ లెక్కకు ఇది పట్టించి చూద్దాం. డిసెంబరులో 7,000 చేతికిచ్చినప్పుడు ఆయన ఏ నెలదని చెప్పలేదు. కాబట్టి అది నవంబరుకు పోతుంది, నవంబరులో ఇంకా 5,000 మిగిలింది. ఫిబ్రవరిలో వేసిన 10,000 దగ్గర జాగ్రత్త. మీరు పంపిన పాస్‌బుక్ పేజీలో ఆ ఎంట్రీ పక్కన సన్న అక్షరాల్లో 'ఫిబ్రవరి అద్దె' అని ఉంది. పంపేటప్పుడు ఆయనే టైపు చేసి ఉంటాడు. అంటే ఆయన చెప్పి ఇచ్చినట్టే. దాన్ని డిసెంబరుకు మళ్లించకండి. ఫిబ్రవరికే జమ వేస్తే ఫిబ్రవరిలో 2,000 మిగిలింది. మార్చిలో ఇచ్చిన 5,000కు మళ్లీ ఏ మాటా లేదు. అది పాతదానికి, అంటే నవంబరులో మిగిలిన 5,000కు సరిపోయింది. నవంబరు పూర్తిగా తీరిపోయింది.

కాబట్టి మీకు రావలసింది డిసెంబరు 12,000, జనవరి 12,000, ఫిబ్రవరి 2,000, మార్చి 12,000, ఏప్రిల్ 12,000. కలిపితే 50,000.

ఎలా వేసినా మొత్తం యాభైవేలే కదా అని మీకు అనిపించొచ్చు. నిజమే, మొత్తం మారదు. నెలలు మారతాయి. ఆ సన్న అక్షరాలు చూడకుండా అంతా పాతదానికే వేసుకుంటూ పోతే డిసెంబరు 2,000, ఫిబ్రవరి పూర్తిగా 12,000 బాకీ అని వచ్చేది. ఆయన ఫోన్ తీసి 'ఫిబ్రవరికి పదివేలు ఇచ్చానుగా' అని చూపిస్తే మీ నోటీసు మీద నమ్మకం పోతుంది. ఒక్క నెల తప్పని తేలితే మిగతా నాలుగు నెలలూ నిజమని ఎవరు ఒప్పుకుంటారు?

చేతికిచ్చిన రెండు విడతలకూ రశీదు ఇవ్వలేదని రాశారు. మీకు ముట్టింది కాబట్టి జమ చూపించాల్సిందే. పైగా నోటీసులో మీ అంతట మీరే వాటిని చూపిస్తే మీరు నిజాయతీగా లెక్క రాశారని కాగితమే చెబుతుంది. ఇకనుంచి మాత్రం చేతికి ఏం తీసుకున్నా రశీదు రాయండి. అందులో ఏ నెలకు జమ వేసుకున్నారో కూడా ఉండాలి.

అడ్వాన్సు సంగతి. 'అందులో పట్టుకోండి' అన్నది అద్దె ఆగిపోయిన ప్రతి ఇంట్లో వినిపించే మాటే. మీ అగ్రిమెంట్‌లో అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేసే రోజున, బాకీలూ నష్టాలూ పోను తిరిగి ఇవ్వాలని ఉంది. అది నెలనెలా అద్దె కింద కరిగించుకునే డబ్బు కాదు. మీరు ఊరుకుంటే ఒప్పుకున్నారని ఆయన అనొచ్చు. అందుకని నోటీసులో ఒక్క వాక్యంతో కాదని చెప్పండి. అంతేగాని అడ్వాన్సు ఊసే ఎత్తకుండా దాచకండి. 36,000 నా దగ్గర ఉంది అని మీరే రాస్తే అది బలం, ఆయన బయటపెడితే అది మీ మీద మచ్చ.

ఇక గడువు. 'వారంలో' అని రాయకండి. ఎప్పటినుంచి వారం? ఉత్తరం రాసిన రోజు నుంచా, ఆయనకు అందిన రోజు నుంచా? పోస్టులో నాలుగు రోజులు పోతే ఆయనకు మిగిలేది మూడు రోజులు. క్యాలెండరు తేదీ రాయండి, సంవత్సరంతో సహా. ముందు అగ్రిమెంట్ తీసి నోటీసుకు ఎన్ని రోజులు ఇవ్వాలని ఉందో చూడండి. మీరుండే చోటి అద్దె చట్టం కూడా ఒక కనీస గడువు పెట్టి ఉండొచ్చు. అది ఒక స్థానిక ప్లీడరును అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు. రెండిటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వండి. మీ అగ్రిమెంట్‌లో 15 రోజులని ఉంది. చట్టం అంతకంటే ఎక్కువ అడగకపోతే, 7న పోస్టు చేసి, అందడానికి ఐదు రోజులు వదిలేసి, అక్కడినుంచి 15 రోజులు లెక్కపెడితే 27 వస్తుంది. 2026 ఏప్రిల్ 27 సోమవారం. బ్యాంకు పనిచేసే రోజు పడేలా చూసుకోవడం మంచిది, లేకపోతే 'ఆ రోజు సెలవు' అన్న సాకు ఒకటి పుడుతుంది.

సామాన్లు బయట పెట్టిస్తామన్న వాక్యాన్ని కొట్టేయండి. కోర్టు ఉత్తర్వు లేకుండా అద్దెకున్న మనిషి సామాన్లు బయట వేయడం, తాళం మార్చడం, నీళ్లో కరెంటో ఆపడం దాదాపు ఎక్కడా కుదరదు. ఆ బెదిరింపు చేతల్లోకి రాకపోయినా కాగితం మీద ఉంటే చాలు, బాకీ పడ్డవాడు బాధితుడైపోతాడు. ఇంకొకటి. ఈ ఉత్తరంలో 'ఇల్లు ఖాళీ చేయండి' అని కూడా కలపకండి. బాకీ అడగడం ఒకటి, ఖాళీ చేయమనడం ఇంకొకటి. రెండో దానికి వేరే పద్ధతి, వేరే గడువు ఉంటాయి. ఒకే కాగితంలో డబ్బు కట్టి ఉండమనీ, వెళ్లిపొమ్మనీ రాస్తే మీరేం అడుగుతున్నారో మీకే తెలియనట్టు ఉంటుంది.

సంతకం మీది కావాలి. అగ్రిమెంట్‌లో యజమానిగా ఉన్నది మీ పేరు. మీ అబ్బాయికి మీరు రాతపూర్వకంగా అధికారం ఇవ్వలేదు. ఉత్తరం మీ అబ్బాయి రాయొచ్చు, సంతకం మీరు పెట్టండి. అద్దెదారు పేరు కూడా అగ్రిమెంట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయండి. భార్య పేరు కూడా అద్దెదారుగా ఉంటే ఇద్దరికీ పంపాలి.

మీ కాగితం ఇలా ఉంటే చాలు:

'తేదీ: 7-4-2026

శ్రీ ... గారికి,

విషయం: అద్దె బాకీ 50,000 చెల్లింపు గురించి

... తేదీ గల ఒప్పందం ప్రకారం మీరు నా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నారు. నెల అద్దె 12,000. ఏ నెల అద్దె ఆ నెల 5వ తేదీలోపు చెల్లించాలి.

2025 నవంబరు నుంచి 2026 ఏప్రిల్ వరకు ఆరు నెలల అద్దె 72,000. ఇందులో మీ నుంచి నాకు అందినవి: డిసెంబరులో నగదు 7,000, ఫిబ్రవరిలో బ్యాంకు ద్వారా 10,000, మార్చిలో నగదు 5,000. మొత్తం 22,000. నగదు రెండు విడతలను నవంబరు అద్దెకు, బ్యాంకు ద్వారా వచ్చిన దాన్ని మీరు పేర్కొన్నట్టు ఫిబ్రవరి అద్దెకు జమ చేశాను.

ఈ రోజుకు బాకీ:
డిసెంబరు 2025: 12,000
జనవరి 2026: 12,000
ఫిబ్రవరి 2026: 2,000
మార్చి 2026: 12,000
ఏప్రిల్ 2026: 12,000
మొత్తం: 50,000 (అక్షరాలా యాభై వేలు)

ఈ మొత్తాన్ని 2026 ఏప్రిల్ 27వ తేదీలోపు కింది బ్యాంకు ఖాతాలో జమ చేయండి. లెక్కలో తేడా ఉందనుకుంటే అదే తేదీలోపు రశీదులు లేదా బ్యాంకు వివరాలతో నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

మీరు ఇచ్చిన అడ్వాన్సు 36,000 నా దగ్గర ఉంది. ఒప్పందం ప్రకారం అది ఇల్లు ఖాళీ చేసే సమయంలో తేల్చవలసినది. దాన్ని నెలవారీ అద్దెకు సర్దుబాటు చేయడానికి నేను అంగీకరించడం లేదు.

పై తేదీలోపు చెల్లించకపోతే, బాకీ వసూలుకు చట్టప్రకారం చర్య తీసుకుంటాను. ఈలోగా మీరు కొంత మొత్తం చెల్లిస్తే జమ చేసుకుంటాను, అయితే అందువల్ల మిగిలిన బాకీపై నా హక్కును గానీ, పై గడువును గానీ వదులుకున్నట్టు కాదు.

బ్యాంకు ఖాతా వివరాలు: ...

(సంతకం)'

దీనికి ఏం కలపాలనిపించినా కలపకండి. 'మూడేళ్లు సొంత మనిషిలా చూసుకున్నాం', 'నమ్మించి మోసం చేశారు' లాంటివి బాధతో వచ్చే మాటలే, కానీ వాటిలో ఏ నెల బాకీ ఎంతో ఉండదు. 'తేడా ఉంటే చెప్పండి' అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. మీరు మెత్తబడ్డారని దాని అర్థం కాదు. ఆయన జవాబుగా 'ఇంకో నెల టైమివ్వండి' అని రాసినా, బాకీ ఉందని సంతకం పెట్టి ఒప్పుకున్నట్టే. ఏమీ రాయకపోతే, అవకాశమిచ్చినా లెక్కను కాదనలేదని మీరు చెప్పుకోవచ్చు.

ఉత్తరం రెండు కాపీలు తీసి రెండిటిమీదా సంతకం పెట్టండి. ఒకటి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. పోస్టు రశీదు రెండో కాపీకి పిన్ను చేసి పెట్టుకోండి. అదే ఫొటో తీసి ఆయన ఫోన్‌కూ పంపండి, కానీ పోస్టు మానేసి ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కవరు తీసుకోకుండా తిప్పి పంపిస్తే కంగారు పడకండి. ముఖ్యంగా ఆ కవరు చించకండి. పైన పోస్టువాళ్లు రాసిన మాట, తేదీ ముద్ర అలాగే ఉండాలి. మూసిన కవరే మీ సాక్ష్యం. ఒకావిడ కుతూహలం కొద్దీ విప్పి, మళ్లీ గమ్ముతో అతికించి నా దగ్గరికి తెచ్చింది. అందులో ఏ కాగితం ఉండేదో చెప్పడానికి ఆ తర్వాత చాలా తంటాలు పడ్డాం.

ఇక ఎక్కువగా జరిగేది ఇది: ఆయన మొత్తం కట్టడు, గడువుకు ఒక రోజు ముందు వచ్చి ఇరవై వేలు చేతిలో పెడతాడు. తీసుకోండి. కానీ అక్కడికక్కడే రశీదు రాయండి. ఏ నెలకో ఆయన చెప్పకపోతే, డిసెంబరు 12,000 పూర్తిగా, జనవరికి 8,000 జమ అని రాయండి. కిందనే మిగిలిన బాకీ 30,000 అనీ, జనవరి 4,000, ఫిబ్రవరి 2,000, మార్చి, ఏప్రిల్ పన్నెండేసి వేలు అనీ విడగొట్టండి. దాని కింద ఆయన సంతకం తీసుకోగలిగితే ఇంకా మంచిది. ఆ క్షణంలో 'సరేలెండి, మిగతాది మెల్లగా ఇవ్వండి' అని మర్యాదకు అనేస్తారు చూడండి, అదొక్కటి అనకండి. ఆ మాటతో 27వ తేదీ పోతుంది. నిజంగానే వాయిదాలకు ఒప్పుకోవాలనుకుంటే తేదీలు, మొత్తాలు కాగితం మీద పెట్టండి. ఒక్క వాయిదా తప్పినా మిగిలినదంతా ఒకేసారి కట్టాలన్న షరతు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి.

27 దాటి ఏమీ రాకపోతే రెండో నోటీసు, మూడో నోటీసు అంటూ మీరే రాస్తూ కూర్చోకండి. చివరి తేదీ అని రాసి మళ్లీ ఇంకో చివరి తేదీ ఇస్తే మొదటిదాన్ని ఎవరూ లెక్కచేయరు. 28న అగ్రిమెంటు, పాస్‌బుక్, ఈ కాపీ, పోస్టు రశీదు, అందినట్టు రుజువో తిరిగొచ్చిన కవరో పట్టుకుని ప్లీడరు దగ్గరికి వెళ్లండి. మే నెల అద్దె 5వ తేదీకి వేరే పుడుతుంది, దాన్ని ఈ యాభైవేలలో కలపకుండా వేరే పద్దులో రాసుకోండి.